ఇటలీ వాళ్ల గోల్కొండ

గోల్కొండ చూడొచ్చే ఇటలీ వాళ్లకు గైడు చెప్పాల్సిన ముచ్చట మా ఊరి కుంఠా నాకాలో, మరమగ్గాల చప్పుళ్ల మధ్య తయారవుతుందని ఏ సుల్తాను అనుకున్నాడు? మా గల్లీ కుర్రాడొకడు ఇటాలియన్ నేర్చాడు. ఓ టూరు కంపెనీ వాడికి రెండు పేజీల ఇంగ్లీషు స్క్రిప్టు పంపింది. అంతకుముందు చవగ్గా చేయించిన తర్జుమా కూడా జతచేసి, 'కాస్త సరిచూడు చాలు' అంది. సరిచూడటానికి రేటు సగం కదా!

ఆ తర్జుమాలో కుతుబ్‌షాహీల గుమ్మటాలన్నీ చర్చిలైపోయాయి. 'డోమ్' అని ఉన్నచోటల్లా 'దువోమో' అని పెట్టాడా మహానుభావుడు. ఇటలీలో దువోమో అంటే ఊళ్లోని పెద్ద చర్చి. గుమ్మటాన్ని 'కూపొలా' అంటారు. మందుగుండు దాచే 'మ్యాగజీన్' కాస్తా 'రివిస్తా' అయింది, అంటే పత్రిక. ఫిరంగుల పక్కన వారపత్రికల కట్టలు పేర్చుకున్న సుల్తానులన్నమాట! నీళ్లను కొండమీదికి తోడిన పర్షియన్ చక్రాలు 'పెర్సియానె' చక్రాలయ్యాయి. ఆ మాట వినగానే ఇటలీవాడికి ముందు తట్టేవి కిటికీ రెక్కలు. అలా నీళ్లు తోడే చక్రానికి వాళ్ల భాషలోనే 'నోరియా' అన్న పేరుంది. ఇక కొండ ఎత్తు 'సుమారు 400 అడుగులు' అని ఇంగ్లీషులో ఉంటే, ఇక్కడ 'సుమారు 121.92 మీటర్లు'. ఆ సుమారుకు ఎంత నిక్కచ్చి!

మాటలు దిద్దాక అసలు తంటా మొదలైంది. అదే సంగతి ఇటాలియన్‌లో చెబితే పొడుగ్గా సాగుతుంది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా, దాని గురించి గైడు ఆరు వాక్యాలు చదివి ముగించేలోపు జనం ముందే కొట్టేసి ముందుకు నడుస్తారు. అందుకని మా కుర్రాడు కింద 'కొట్టండి, వినండి' అని రెండు మాటలే ఉంచి, వివరమంతా పైకి మార్చాడు. మెట్ల మీద చెప్పాల్సినవి పూర్తిగా కొట్టేశాడు. రొప్పుతున్నవాడికి రాజవంశాలు ఎక్కవు.

కంపెనీకి ఇవన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోట, లంచం తిన్న అబ్దుల్లా ఖాన్ పణీ ఓ ద్వారం తీయించడంతో ఔరంగజేబు వశమైంది. 'లంచం గించం వద్దు, దేశం పరువు పోతుంది' అని కబురొచ్చింది.

"కాకా, ఏం రాయమంటవ్?" అన్నాడు వాడు.

"తలుపు తెరుచుకుంది అని రాయి. తెరిచినోని పేరెందుకు?"

"ఇటాలియన్‌లో గూడ అట్లనే వస్తది కాకా. 'సి అప్రీ' అంటే సాలు."

కంపెనీ వెంటనే ఒప్పుకుంది. డబ్బు మాత్రం ఇంకా రాలేదు.