తొంభై శాతం మహాత్మ్యం

మా బావమరిది సభ్యుడుగా ఉన్న హౌసింగ్ సొసైటీ వాళ్ళు అపార్టుమెంటు కట్టించుకున్నారు. ఆ ఆఖరి సమీక్షకు నన్నూ లాక్కెళ్ళాడు. తెర మీద ప్రాజెక్టు మేనేజరు గారు ఓ పచ్చటి గీత చూపించి, షెడ్యూలు సూచీ సరిగ్గా 1.00 ఉందన్నారు. అంటే ఆలస్యం సున్నా. పక్కన మైసూర్‌పాకులు పంచుతున్నారు. పన్నెండు నెలల్లో ముగించాల్సిన పని అప్పటికి పదహారు నెలలకు ముగిసింది.

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఇందులో విశేషం. నేనూ చాలా ఏళ్ళు ప్లానింగ్ ఇంజనీరుగా ఇలాంటి పచ్చగీతలు గీసినవాణ్ణే కనుక, దొంగకు దొంగ అడుగులు తెలిసినట్టు ఆ కథ విప్పి చెబుతాను. లెక్క సులువుగా ఉండేందుకు అంకెలు కాస్త గుండ్రం చేస్తున్నాను.

ప్లాను పన్నెండు నెలలు, పన్నెండు కోట్లు, నెలకో కోటి. ఆరు నెలలయ్యాక అకౌంటెంటు పుస్తకం తెరిచాడు. ఖర్చు పెట్టాల్సింది ఆరు కోట్లు, పెట్టింది ఆరు కోట్లు. "బడ్జెట్‌లోనే ఉన్నాం" అన్నాడు. డబ్బు అనుకున్న వేగంతోనే పోయింది, నిజమే. మరి పని? దాన్ని చెప్పడానికి పుట్టినదే ఎర్న్‌డ్ వేల్యూ. జరిగిన పనిని బడ్జెట్ ధర ప్రకారం లెక్కగడితే నాలుగున్నర కోట్ల విలువే తేలింది. దాన్ని ఖర్చుతో భాగిస్తే 0.75. రూపాయి పెడితే ముప్పావలా పని జరిగిందన్నమాట. ఇదే తీరు సాగితే మొత్తం ఖర్చు పన్నెండుని 0.75తో భాగించినంత, అంటే పదహారు కోట్లు. ఆరో నెలలోనే ఈ మాట చెప్పగల పద్ధతిని నేను తిట్టను. దానికి వేసిన వేషాలే నా బాధ.

మొదటి వేషం ఆ నాలుగున్నర దగ్గరే మొదలవుతుంది. పని ఎంతయిందో చెప్పేదెవరు? ఆ పని చేసేవాడే. "ప్లాస్టరింగ్ ఎంతయింది?" అంటే "తొంభై శాతం సార్" అంటాడు. వచ్చే నెలా తొంభయ్యే, ఆపై నెలా తొంభయ్యే. సాఫ్ట్‌వేర్ వాళ్ళది ఇంకా సుఖం, గోడలైతే కంటికి కనిపిస్తాయి కదా! "కోడింగ్ అయిపోయింది, టెస్టింగ్ ఒక్కటే మిగిలింది" అన్న వాక్యం మీద కొన్ని జట్లు సగం ఏడాది బతికేస్తాయి. ఈ నోటిమాట బాధ పడలేక పెద్దలొక నియమం పెట్టారు: పని మొదలుపెడితే సగం మార్కులు, పూర్తయితే మిగతా సగం. చిన్న చిన్న పనులకైతే ఇది న్యాయమే. మనవాళ్ళు చేసిందేమిటంటే, నెల ముగిసే ముందు రోజు ఇరవై పనులు మొదలుపెట్టడం. ప్రతి గదిలో రెండు టైల్స్ అతికించి, ఇరవై సగాల విలువ జమ చేసుకోవడం. నేనూ చేశాను, అందుకే తెలుసు. పూర్తయ్యేదాకా సున్నా, అయ్యాకే నూరు అన్న నియమం పెట్టి చూడండి, ఆ టైల్స్ సరదా తీరిపోతుంది.

రెండో వేషం వాచ్‌మన్‌ది. పర్యవేక్షణ, సైటు ఆఫీసు, కాపలా లాంటి ఖర్చులకు "ఇంత పని" అని కొలత ఉండదు. కనుక కాలం గడిస్తే చాలు, ప్లాన్‌లో రాసిన విలువ రాసినంతా సంపాదించినట్టే లెక్క. వాచ్‌మన్ కునుకు తీసినా ఆ కునుకుకు విలువ పడుతుంది, మేనేజరు గారు కుర్చీలో కూచున్నా పడుతుంది. ఇప్పటికి నూరు రూపాయల పని కావాల్సి ఉంటే, అందులో నలభై ఇలాంటి ఖర్చనుకోండి. మిగిలిన అరవైలో సగమే జరిగినా, నలభైకి ముప్పై కలిసి సూచీ 0.70 చూపిస్తుంది. అసలు మేస్త్రీ పని సూచీ మాత్రం 0.50. ఈ రెండూ విడగొట్టి చూపమని అడిగితే చాలు, రిపోర్టు రంగు మారిపోతుంది.

ఇక మైసూర్‌పాకుల వేషానికి వద్దాం. షెడ్యూలు సూచీ అంటే, జరిగిన పని విలువను ఈపాటికి జరగాల్సిన పని విలువతో భాగించడం. మా బావమరిది సొసైటీలో నెలకు ముప్పావు కోటి విలువ జరిగింది, మొదటి నుంచీ చివరిదాకా అదే నత్తనడక. పన్నెండో నెలాఖరుకి తొమ్మిది కోట్ల పని, జరగాల్సింది పన్నెండు, సూచీ 0.75. ఇక్కడే గమ్మత్తు. గడువు దాటాక భాగించే అంకె పెరగదు, ఎందుకంటే ప్లాన్‌లో పన్నెండు కోట్లకు మించి లేదు. పైన అంకె మాత్రం నెలనెలా పెరుగుతుంది. అందుకని పద్నాలుగో నెలలో దాదాపు 0.88, పదిహేనులో 0.94, పదహారులో సాక్షాత్తూ 1.00! ఒక్క ఇటుక కూడా వేగం పెరగలేదు. గడువు దాటేకొద్దీ సూచీ మెరుగవుతూ వచ్చింది. నూరేళ్ళు ఆలస్యమైనా, ముగిసిన ప్రతి పనికీ ఆఖరి సూచీ ఒకటే. పరీక్ష తప్పిన కుర్రాడు ఎన్నేళ్ళకు పాసైనా మార్కుల పట్టీలో మొదటి ప్రయత్నం అని రాయించుకున్నట్టు.

దీనికి మందు లేకపోలేదు. వాల్ట్ లిప్కే అనే అమెరికన్ 2003లో ఒక సవరణ చెప్పాడు: ఆలస్యాన్ని రూపాయల్లో కాక నెలల్లో కొలవండి. ఇప్పుడు జరిగిన పని ప్లాన్ ప్రకారం ఎన్నో నెలకు కావాలి? పదహారో నెలలో ముగిసినది పన్నెండో నెల పని. పన్నెండుని పదహారుతో భాగిస్తే 0.75. ఆరో నెలలో ఎంతో, చివర్లోనూ అంతే. ఏ మేనేజరూ దీన్ని ఇష్టంగా అడగకపోవడానికి కారణం మళ్ళీ చెప్పాలా?

అంకె సరిగ్గా ఉంటే మాత్రం సరిపోతుందా అంటే, ఈ పద్ధతిని 1967లో తన కాంట్రాక్టర్లకు నియమంగా పెట్టిన అమెరికా రక్షణ శాఖనే అడగాలి. ఆ దేశ నౌకాదళం ఎ-12 అనే యుద్ధవిమానానికి 1988లో సుమారు 480 కోట్ల డాలర్ల గరిష్ఠ ధరతో ఒప్పందం చేసుకుంది. ఖర్చు పరిమితి దాటబోతోందని నెలవారీ రిపోర్టుల్లోనే జాడ ఉంది. బాధ్యులు మాత్రం అన్నిటికన్నా తీపి అంచనానే పైకి పంపారు. రక్షణ మంత్రి డిక్ చెనీ 1990 ఏప్రిల్‌లో అంతా సవ్యంగా ఉందని కాంగ్రెస్‌కు చెప్పారు. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీలు ఖర్చు గీత దాటుతుందన్నాయి. 1991 జనవరిలో చెనీయే దాన్ని రద్దు చేశారు. ఒక్క విమానమూ ఎగరలేదు. కోర్టు గొడవ 2014లో గానీ తెమల్లేదు. అక్కడ సూచీలు లేక కాదు, వాటిని చదివేవాడికి చదవాలని లేక.

సమీక్షలో మైసూర్‌పాకు కొరుకుతూ మా బావమరిది చెయ్యెత్తాడు. "మేనేజరు గారూ, నాలుగు నెలలు అదనంగా అద్దె కట్టాను. ఈ 1.00 మా ఇంటి ఓనరుకు చూపిస్తే అద్దె వెనక్కిస్తాడా?"

మేనేజరు గారు తెర వైపు తిరిగి, కాసేపు వెతికి, మర్యాదగా అన్నారు: "మా రిపోర్టులో ఆ కాలమ్ లేదండీ."