పద్దెనిమిది మాటల బాస్టియన్

తెలుగులో సారాంశం దిద్దడం కంటే సంతలో చింతపండు తూచడం కష్టమని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి. నర్సీపట్నంలో ఒక బడిలో తొమ్మిదో తరగతి పేపర్ల కట్ట చూశాక ఆ భ్రమ పోయింది. సంతలో కనీసం ముల్లు చూస్తారు. ఇక్కడ దుకాణమంతా గోనెసంచి పొడుగు మీదే నడుస్తోంది.

ప్రశ్న కోసం పేరా రాసిచ్చింది నేనే కాబట్టి పాపంలో నాకూ వాటా ఉంది. ఊరి పక్క కథే కదా, పిల్లలకి తెలుస్తుందని ఇలా రాశాను: "మన్యంలో గిరిజనులు పోడు వ్యవసాయం మీద బతికేవారు. అడవి చట్టాలు వచ్చి పోడును కట్టడి చేశాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనుల్ని పిలిచి సరిగా కూలి ఇవ్వలేదు. ఈ కడుపుమంటను అల్లూరి సీతారామరాజు పోరాటంగా మలిచాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు, తూటాలు తీసుకున్నాడు. తీసుకున్నవాటి జాబితా రాసి సంతకం పెట్టి వెళ్ళాడు."

లెక్కపెడితే 54 మాటలు. మూడో వంతుకి కుదించి సొంత వాక్యాల్లో రాయమన్నాం. అంటే 18. దిద్దే కుర్ర మాస్టారు తన స్కీము చూపించాడు: మొత్తం 5 మార్కులు. నిడివికి 2, సొంత మాటలకి 2, విషయానికి 1. "విషయానికి ఒక్కటేనా బాబూ?" అంటే, "అది చూడ్డానికి చదవాలి కదా మాస్టారూ, మిగతావి చూస్తే చాలు" అన్నాడు. ఇంత నిజాయితీగా చెప్పాక కోప్పడటానికి నోరు రాలేదు.

మొదటి పేపరు వాడు 18 మాటలే రాశాడు. పేరాలో మొదటి 18 మాటలు, ఉన్నవి ఉన్నట్టు. పద్దెనిమిదో మాట "బాస్టియన్". అక్కడ ఫుల్‌స్టాపు పెట్టి, కింద గీత గీసి, లేచి వెళ్ళిపోయాడు. ఆ సారాంశంలో సీతారామరాజు పుట్టనే లేదు. రంప పితూరీ మొత్తం ఒక డిప్యూటీ తాసిల్దారు దగ్గర ఆగిపోయింది. నిడివికి రెండుకి రెండు!

రెండోవాడు ఇంకా తెలివైనవాడు. ఒక్క మాట వదల్లేదు, ఒక్కటీ మార్చలేదు. "మన్యంలోగిరిజనులుపోడు వ్యవసాయంమీదబతికేవారు" అంటూ మూడేసి మాటల్ని ఒక్కో పెట్టెగా తగిలించుకుంటూ పోయాడు. 54 కాస్తా సరిగ్గా 18 అయింది. నర్సీపట్నం రోడ్ స్టేషన్లో నిలబడ్డ గూడ్సు బండిలా ఉంది ఆ పేజీ. ఆ స్టేషను నర్సీపట్నంలో లేదనీ, దిగాక ఇంకా చాలా దూరం రావాలనీ తెలిసినవాళ్ళకి, పేరు చూసి మోసపోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వీడికీ నిడివికి రెండు పడ్డాయి. ఖాళీలు లెక్కపెడితే పద్దెనిమిదే మరి.

తప్పు వాడిది కాదు, కొలతది. తెలుగులో "వెళ్ళిపోయాడు" అని కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే రెండు. "స్టేషను మీద" రెండు, "స్టేషనుమీద" ఒకటి. విభక్తి ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా అతుక్కునే భాషలో మాటల సంఖ్యని గీటురాయి చేస్తే, కుదించడం మానేసి అతికించడం నేర్చుకుంటారు. అదే గీతల కాయితం మీద పేరా ఎనిమిది గీతలు పట్టిందనుకోండి, సారాంశం మూడు గీతల్లో పడిందా అని చూస్తే గూడ్సు బండి దాక్కోలేదు. పిల్లవాడు ఎంత అతికించినా అక్షరాలు తగ్గవు కదా.

మూడో పేపరు నిఘంటువు పేపరు. బాస్టియన్ వాక్యం ఇలా మారింది: "దానికి జతగా గూడెం ఉప తహసీలుదారు బాస్టియన్ రహదారి పనికి ఆదివాసులను ఆహ్వానించి సక్రమంగా వేతనం చెల్లించలేదు." కర్త కదల్లేదు, కర్మ కదల్లేదు, క్రియ తన చోటే కూర్చుంది. చొక్కాలు మాత్రం మార్చారు. పైగా "పిలిచి" అన్నది "ఆహ్వానించి" అయ్యేసరికి బాస్టియన్ బొట్టుపెట్టి పెళ్ళికి పిలిచినట్టుంది. ముందు వాక్యంలో "పోడు" తీసేసి "సాగు" అన్నాడు. అడవి చట్టాలు సాగంతటినీ కట్టడి చేశాయా? అడవి కొట్టి, కాల్చి, వేసే పంటని కదా! ఊరి పేరు, మనిషి పేరు, పోడు లాంటి పని పేరు మార్చడం సొంత మాట కాదు, సొంత తప్పు. నిడివికి సున్నా పడ్డా, సొంత మాటలకి ఈ మహానుభావుడికి రెండూ దక్కాయి. పేరాలో వాక్యం మీద ఒక వేలు, పేపర్లో వాక్యం మీద ఒక వేలు పెట్టి జరుపుకుంటూ పోతే పది సెకన్లలో బయటపడే దొంగతనం ఇది. రెండు వేళ్ళూ చివరిదాకా జంటగా నడిచాయంటే వాక్యం సొంతం కాదు.

నాలుగో పేపరు మీద ఎర్ర సిరాతో "వెరీ గుడ్" అని ఉంది. "1924 మే 7న కొయ్యూరులో ప్రాణాలర్పించిన విప్లవ జ్యోతి" అని మొదలుపెట్టింది ఆ అమ్మాయి. తేదీ తప్పు కాదు, ఊరూ తప్పు కాదు. కానీ అది నా పేరాలో ఎక్కడుంది? పేరా రాజవొమ్మంగిలో ఆగింది, రాజుగారింకా బతికే ఉన్నారు. నిజమైనంత మాత్రాన సారాంశంలోకి రానిస్తే, రేపు 1974 నాటి సినిమా కూడా వచ్చి కూర్చుంటుంది. పేరాకి కట్టుబడటం అంటే పేరా చెప్పని నిజాన్ని కూడా గడప బయట నిలబెట్టడం. "దేశభక్తి ఉందండీ, ఎలా కొట్టేస్తాం?" అన్నాడు మాస్టారు. దేశభక్తికి స్కీములో మార్కు లేదన్న సంగతి అప్పుడు నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.

కట్ట అడుగున ఇంకో పేపరుంది. "పోడు చేసుకోనివ్వక, రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వక గిరిజనుల్ని సర్కారు ఏడిపించింది. అందుకని రామరాజు వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు కొట్టి, తుపాకులు పట్టుకుపోయి, పట్టీ రాసిచ్చాడు." మూడు తేదీలూ మూడు ఊళ్ళూ "వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు" అయిపోయాయి. చట్టాలూ బాస్టియనూ కలిసి సర్కారయ్యారు. ఆరు వాక్యాలు రెండయ్యాయి. కారణం ముందు, పని తర్వాత, వాటి మధ్య "అందుకని". ఆ ఒక్క మాట నా పేరాలో లేదు, కానీ నా పేరా అర్థమంతా అందులోనే ఉంది. వేళ్ళు పెట్టి చూశాను, రెండో అడుగులోనే విడిపోయాయి.

మాస్టారు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. 22 మాటలు. నాలుగు ఎక్కువ కాబట్టి నిడివికి సున్నా. "కొట్టి", "ఏడిపించింది" ఇంటి భాషట, అందుకని సొంత మాటల్లో ఒకటి కోత. మొత్తం రెండు. సొంత మాటలు రాయమని, ఇంట్లో మాట్లాడే మాట రాస్తే సొంతం కాదంటే ఇంకెవరిదో నాకు తెలియలేదు. సంవత్సరం వదిలేసినందుకు అర, "ఏడిపించింది"లో ఆ పిల్ల కోపం కాస్త కలిసినందుకు అర తీసి, నేనైతే నాలుగు వేస్తానన్నాను.

"మీరు చెప్పింది బాగానే ఉంది మాస్టారూ, కానీ మార్కులు ఎక్కించేశాం" అన్నాడు. రిజిస్టరులో ఆ పిల్లకి రెండు. బాస్టియన్ దగ్గర ఆగిపోయినవాడికీ రెండే.