నిమ్మకాయలిస్తే ఏడవాలా?

‘జీవితం మీకు నిమ్మకాయలు ఇచ్చినప్పుడు, నిమ్మరసం తయారు చేయండి’ అని ఉదయాన్నే వాట్సాప్‌లో ఒక సూక్తి దిగుతుంది. 1915లో అమెరికన్ రచయిత ఎల్బర్ట్ హబ్బర్డ్, మార్షల్ వైల్డర్ అనే మరుగుజ్జు హాస్యనటుడికి రాసిన నివాళిలో ఈ పోలిక వాడాడు. అమెరికా వాడుకలో నిమ్మకాయంటే పనికిరాని సరుకు. కొన్న కారు మొరాయిస్తే దాన్నీ నిమ్మకాయే అంటారు. మనకో? కొత్త కారు చక్రాల కింద పెట్టేది అదే, కొత్త సంవత్సరం నాడు పెద్దల చేతిలో పెట్టేదీ అదే. ఊరికే నిమ్మకాయలిచ్చిన జీవితానికి మనవాడు దండం పెడతాడు, పులిహోర కలుపుకుంటాడు. ఇక ఓదార్పు ఎవరికి? పైగా తెలుగులో ఇచ్చేవాడు దేవుడు. జీవితం సంచి పట్టుకుని గుమ్మంలోకి రాదు.

ఈ ఇంగ్లిషు సూక్తిని తెలుగు చేయడానికి ‘మజ్జిగ పులిసిందా? పులుసు పెట్టుకో’ అంటే సరిపోతుంది. పులుపు పోలేదు, చెడిందనుకున్నదే కూరైంది, మాట కూడా సగానికి తగ్గింది. ‘నిమ్మకాయ మాయమైంది, ఇది అనువాదమెలా అవుతుంది?’ అంటారు నిఘంటువు భక్తులు. చట్టానికో మందుచీటీకో ఆ పట్టుదల ఉండాల్సిందే. సూక్తికి ఉన్న పని మాత్రం దిగులుపడ్డవాణ్ని లేపడం. అది జరగకపోతే కాయ భద్రంగా ఉండి ఏం లాభం? ‘ఇప్పుడందరికీ ఇంగ్లిషు వచ్చుగా’ అనేది ఇంకో వాదన. వస్తే ఇంగ్లిషులోనే పంపండి, మధ్యలో తెలుగును పిండడమెందుకు?