నిన్నటి పప్పుకి ఇవాళ్టి వేషం

మా ఇంట్లో అన్నం మిగలడం పెద్ద సమస్య కాదు. మిగిలిందన్న సంగతి బయటపడడమే సమస్య. చద్దన్నం గొప్పతనం మీద మా వారు గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలరు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచుకుని, పొద్దున్నే మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తిని పొలానికి వెళ్లిన వాళ్ల తాతగారి కథ మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. పోతనగారి భాగవతంలో కృష్ణుడంతటివాడు గోపబాలురతో కూర్చుని చల్దులు ఆరగించాడని కూడా ఆయనే గుర్తుచేస్తారు. ఇంతా చెప్పి, కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "ఇది నిన్నటి పప్పు కదూ?" అంటారు.

మా అత్తయ్యది ఇంకో పద్ధతి. ఆవిడ అడగరు. ఫ్రిజ్ తలుపు తీసి, రాత్రి స్టీలు గిన్నె ఉన్న చోటు ఖాళీగా ఉండడం చూసి, తలుపు వేసేసి, "నాకు మజ్జిగన్నం చాలమ్మా, కడుపు బరువుగా ఉంది" అంటారు. ఇంటర్ చదివే మా అబ్బాయికి ఇంత మర్యాద తెలియదు. "మళ్లీ అదేనా!" అని వీధిలోకి వినిపించేలా అంటాడు. ఇలాంటి ఇంట్లో వంట చేసేవాళ్లకి నేరస్థుడి తెలివి కావాలి. సరుకు దాచడం కాదు, సాక్ష్యాలు మాయం చేయడం రావాలి.

మొన్న ఒక ఆదివారం రాత్రి భోజనానికి వస్తామన్న చుట్టాలు, అన్నం వార్చాక ఫోన్ చేసి రావడం లేదన్నారు. మేం నలుగురం, అమ్మాయితో కలిపి ఐదుగురం తినగా నాలుగు కప్పుల అన్నం, రెండు కప్పుల టమాటా పప్పు తేలాయి. దాని కథే చెబుతాను.

అసలు పని మర్నాడు పొద్దున కాదు, ఆ రాత్రే ఉంటుంది. వండిన అన్నం రాత్రంతా గట్టు మీద వదిలేసి, పొద్దున్నే బాగా వేడిచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం ఎంత వేయించినా పోదు. వాంతులు పట్టుకుంటే పాపం పులిహోర మీదికి వస్తుంది గానీ, తప్పు రాత్రి గట్టుది. అందుకని అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, ఆవిరి పోగానే మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తాను. గంటా, మహా అయితే రెండు గంటలు, అంతకు మించి బయట ఉంచను. లోతు గిన్నెలో కుక్కిన అన్నం పైన చల్లబడుతుంది కానీ మధ్యలో చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. పప్పుకీ ఇదే మర్యాద. పాలకూర, తోటకూర వేసిన పప్పయితే ఇంకా తొందరపడాలి. టమాటా, చింతపండు, మామిడికాయ పడినవాటికి పులుపు కాస్త దన్నుగా ఉంటుంది కానీ, దాన్ని నమ్ముకుని బయట నిద్రపుచ్చకూడదు.

పప్పు డబ్బాలోకి వెళ్లేముందు మొదటి సాక్ష్యాన్ని తీసేయాలి. ఎండుమిరపకాయ ముక్కలు, కరివేపాకు, వెల్లుల్లి రెబ్బలు ఏరి పారేస్తాను. రాత్రంతా నానిన కరివేపాకు నల్లబడి, మెత్తబడి, మర్నాడు పళ్లెంలో కనబడితే ఇక వాదించడానికేమీ ఉండదు. మళ్లీ కాచిన వెల్లుల్లి వాసనను మా వారు వసారాలోంచే పట్టేస్తారు. ఆవాలు ఏరడం మాత్రం మానవుల వల్ల కాదు. వాటికి తర్వాత దారి చూపిస్తాను.

ఇక రెండో సూత్రం. రాత్రి ఒకే కంచంలో కలిసిన అన్నం, పప్పు మర్నాడు మళ్లీ ఒకే కంచంలో కలవకూడదు. అవి కలిస్తే ఎన్ని వేషాలు వేసినా నిన్నటి భోజనమే. విడదీసి, ఒకదాన్ని ఒక పూటకి, రెండోదాన్ని మరో పూటకి పంపిస్తే, ఇంట్లోవాళ్లు మొత్తం చిత్రాన్ని కలిపి చూడలేరు.

పొద్దున్న టిఫినుకి అన్నంలో కప్పున్నర తీసుకున్నాను. ఫ్రిజ్‌లోని అన్నం గట్టిపడి, విడివిడిగా, ముట్టుకుంటే ముత్యాల్లా ఉంటుంది. అందులోని పిండిపదార్థం చల్లబడి బిగుసుకోవడమే దానికి కారణం. దాన్ని అరకప్పు పెరుగు, రెండు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్కతో మిక్సీలో మెత్తగా రుబ్బి, కప్పు బియ్యప్పిండి, పావుకప్పు బొంబాయి రవ్వ, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, తగినన్ని నీళ్లు కలిపి పావుగంట ఉంచాను. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, వృథా కాకూడదన్న ఉత్సాహంతో ఉన్న అన్నమంతా వేసేసి బియ్యప్పిండి తగ్గించడం. అప్పుడు అట్టు పెనానికి అతుక్కుని, తీయబోతే జావలా ముద్దకడుతుంది. ఉడికిన అన్నానికి మెత్తదనమే కానీ పట్టు ఉండదు. పట్టూ, కరకరా పచ్చి పిండి నుంచే వస్తాయి. పిండి దోసెల పిండికన్నా కాస్త చిక్కగా, గరిటెనుంచి జారుతూ ఉండాలి. పెనం బాగా కాగాక మంట తగ్గించి, మందంగా పోసి, అంచుల్లో నూనె వేసి మూతపెట్టాను. పైన తడి ఆరి, అంచు దానంతటదే లేచేదాకా అట్లకాడ పట్టుకోకూడదు. తొందరపడితే అట్టు మీకు కాదు, పెనానికి దక్కుతుంది. అల్లం పచ్చడితో పెట్టాను. అబ్బాయి మూడు తిని, "కొత్తదా?" అన్నాడు. నేను అవునన్నాను. అట్టు కొత్తదే కదా.

పిల్లల బాక్సులకి పప్పు ఒక కప్పు. దీన్ని గోధుమపిండిలో కలిపి చపాతీలు చేశాను. కప్పు చిక్కటి పప్పుకి సుమారు రెండు కప్పుల పిండి పడుతుంది. నీళ్లు ముందుగా ఒక్క చుక్క కూడా పోయకూడదు. పప్పులో ఉన్న తడే దాదాపు సరిపోతుంది. కలిపాక పొడిగా అనిపిస్తే చెంచాతో తడి అద్దుకోవచ్చు. ఉప్పు పప్పులో ఉంది కనుక పిండికి చిటికెడు చాలు. వాము నలిపి, కొత్తిమీర వేశాను. అదిగో, ఆవాలకి దారి ఇదే. వాముతో కలిస్తే ఆ నల్ల చుక్కలు మసాలాలా కనబడతాయి, అనుమానం రాదు. మామూలు చపాతీ ముద్దలా దీన్ని గంటసేపు నానబెట్టకండి. ఊరుతున్నకొద్దీ తడి వదిలి జిగురుపడి, చపాతీ పీటకి అంటుకుంటుంది. పది నిమిషాలు ఆగి ఒత్తేయాలి. టమాటా పులుపు వల్ల ఈ చపాతీలకి కూర కూడా అక్కర్లేదు, పెరుగు చాలు. ముద్దపప్పయితే చప్పగా ఉంటుంది, కాస్త కారం, నిమ్మరసం పడాలి.

మధ్యాహ్నం మా వారికీ, అత్తయ్యకీ మిగిలిన అన్నంతో నిమ్మకాయ పులిహోర. చింతపండు పులిహోర చేయలేదు, దానికి కారణం ఉంది. చింతపండు గుజ్జు మెతుకులోకి ఇంకాలంటే అన్నం వెచ్చగా ఉండాలి. ఫ్రిజ్ అన్నం మీద గుజ్జు పైపైన పూసినట్టుండి, నోట్లో పులుపూ అన్నమూ వేర్వేరుగా తగులుతాయి. నిమ్మకాయకి ఆ పేచీ లేదు, మెతుకు విడిగా ఉండడమే దానికి కావాలి. అయినా నేరుగా కలిపితే మెతుకు గట్టిగా పంటికి తగులుతుంది. అందుకే చేతికి నూనె రాసుకుని ముద్దలు విడదీసి, గుప్పెడు నీళ్లు చిలకరించి, ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరి పట్టాను. లోపలిదాకా పొగలు వచ్చేలా వేడెక్కాలి. ఆ తర్వాత పళ్లెంలో ఆరబోసి పోపు కలపాలి. శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగలు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పసుపు, పచ్చిమిర్చి. పొయ్యి మీద ఉండగా నిమ్మరసం పోస్తే చేదెక్కుతుంది, దింపాకే పిండాలి. మా వారు పోపు వాసనకే వంటింటి గడప దాకా వచ్చి, "ఇవాళ పండగేమిటోయ్?" అన్నారు. పోపు కొత్తదైతే ఆయన దృష్టిలో అన్నం కొత్తదే. ఇది ఆయన ఒక్కరి బలహీనత కాదు, తెలుగువాళ్లందరిదీ.

అత్తయ్య మాత్రం ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూశారు. ఆవిరి పట్టిన మెతుకు మెత్తగా నలిగిపోయింది. ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకున్నారు. ఆవిడ దగ్గర గెలవడమంటే అదే.

రాత్రికి మిగిలిన ఒక కప్పు పప్పు, పప్పుచారుగా మారింది. ఫ్రిజ్‌లో పప్పు పేరుకుపోయి గరిటెకి ముక్కలుగా వస్తుంది. కంగారుపడి అందులోనే నీళ్లు పోసి పొయ్యి మీద పెడితే ఉండలు కడుతుంది. ముందు అరకప్పు వేడినీళ్లతో కవ్వంతో చిలికి, ఆపైన మూడు కప్పుల నీళ్లు, ఒక మునక్కాయ, ఒక ఉల్లిపాయ, మామూలు చారుకి వేసేదాంట్లో సగం చింతపండు, వేరుశనగ గింజంత బెల్లం, ఒక చెంచా చారుపొడి. టమాటా ఉంది కనుక చింతపండు సగమే. ఉప్పు ఎంతన్నది నీళ్లు మరిగాక రుచి చూసే తేల్చాలి. మునక్కాయ ఉడికేదాకా పొంగుతూ మరగాలి. చివర ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఇంగువతో కొత్త పోపు పెట్టి, వేడివేడి కొత్త అన్నంతో వడ్డించాను. ఇక్కడ పాత అన్నం పెట్టి ఉంటే మధ్యాహ్నం నుంచి కాపాడుకొచ్చిన పరువంతా పోయేది. పప్పుచారుకి పక్కన గుమ్మడి వడియాలు వేయించాను. వడియం కరకరలాడుతుంటే పప్పు వయసు గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ విద్యకి ఒక హద్దుంది. మూత తీయగానే పులిసిన వాసన వచ్చినా, పప్పు మీద సన్నని నురగ, బుడగలు కనబడినా, అన్నం వేళ్లకి జిగటగా తగిలి తీగలు సాగినా ఏ పోపూ దాన్ని కాపాడలేదు, పారేయండి. వాసన బాగున్నా, రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని కూడా నమ్మకండి. అన్నిటికన్నా ముఖ్యం, మిగిలినదానితో చేసింది మళ్లీ మిగిలితే దానితో ఇంకోటి చేయబోకండి. పులిహోరని అట్టు చేసి, ఆ అట్టుని మళ్లీ ఉప్మా చేసే ఇల్లు నాకొకటి తెలుసు. ఆ ఇంటివాళ్లు సాయంత్రం వేళ మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. దయచేసి పప్పుచారు మాత్రం మిగలకుండా కాయండి.