దూది లెక్క

అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి బిల్లు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లుగా వచ్చింది. అకౌంట్స్‌లో పనిచేసేవాణ్ణి కదా, పద్దులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి విడదీయడం మొదలుపెట్టాను. మొత్తం బిల్లు కంటే ఎక్కువ వచ్చింది. ఒక స్క్రీన్‌షాట్ అడుగున ఉన్న వరసలే తరవాతి దాని పైన మళ్లీ ఉన్నాయి. అవి తీసేస్తే 1,50,000కి సరిపోయింది. అక్కడికే నేను గొప్పవాణ్ణి అయిపోయాను.

ఆ గొప్పతనంతోనే దూది, రేజరు, అడ్మిషన్ కిట్, నాకు తెచ్చిన భోజనం వెతికి పట్టుకున్నాను. భోజనం పాలసీ ఇవ్వదు. కిట్ గది అద్దెలో, దూది, రేజరు ఆపరేషన్ ఖర్చులో కలిసే వస్తువులు కనుక విడిగా ఇవ్వరు. అన్నీ కలిపి 2,000. వాటి మీద రెండు రాత్రులు తగలేశాను.

గది వరస మాత్రం చిటికెలో తేల్చేశాను. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మేం ఉన్నది 8,000 గదిలో, మూడు రోజులు. తేడా 9,000 మనదే, అంతే కదా! 1,39,000 వస్తుందని ఇంట్లో ప్రకటించేశాను.

టీపీఏ డెస్కు అమ్మాయి నా షీటు చూసి, "సార్, సర్జన్ ఫీజు పక్కన ఏం రాయలేదే?" అంది. గది పెద్దదైతే డాక్టర్ల ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా పెరుగుతాయి. అందుకే బీమావాళ్లు వాటినీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఎనిమిదింటికి అయిదు, అంటే 62.5 శాతమే ఇస్తారు. మా బిల్లులో ఆ ఖర్చులు 80,000. అందులో 30,000 గల్లంతు.

అప్పుడు కంగారులో ఇంకో తెలివితక్కువ పని చేశాను. బిల్లు మొత్తాన్నీ 62.5 శాతంతో గుణించి తల పట్టుకున్నాను. ఆ అమ్మాయే మళ్లీ ఆపింది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. ఐసీయూ ఛార్జీలకూ అంతే. 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా ఉందట. మా మందులు 28,000, పరీక్షలు 16,000 చెక్కుచెదరలేదు. గదికి 15,000, డాక్టర్లకు, థియేటర్‌కు 50,000 కలిపితే 1,09,000.

ఏ గదికైనా ఒకే ఫీజు తీసుకునే ఆసుపత్రి అయితే ఆ 30,000 కోత కూడా పడదట. ఆశగా రేట్ల పట్టిక అడిగాను. సర్జన్ ఫీజు గదికో రకంగా నాలుగు నిలువు గళ్లలో అచ్చేసి ఉంది.

ఇంటికొచ్చి కొత్త అంకె చెప్పాను. మా ఆవిడ షీటంతా పైనుంచి కిందకి చూసి, "అయిదు వేల గది ఖాళీగా ఉందన్నారు, బాల్కనీ లేదని వద్దన్నది మీరే కదండీ" అంది.