రెండు శాతం

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెల షెడ్డుంది. కూలీలకు ప్రతి శనివారం డబ్బు పంచాలి. పార్టీల నుంచి బిల్లు డబ్బులు మాత్రం 45 రోజులకు గానీ రావు. ఆ సందు పూడ్చడానికి ఒక బ్రోకరు ద్వారా రెండు రూపాయల వడ్డీకి తెస్తుంటాడు. డబ్బు ఎవరిదో బ్రోకరు చెప్పడు, బాబాయి అడగడు.

చివరికి లెక్కేసుకున్నాడు. బిల్లు డబ్బు పదో రోజుకే వస్తే 35 రోజుల వడ్డీ తప్పుతుంది. లక్షకు 2,333 రూపాయలు. అందులో రెండు వేలు పార్టీకి వదిలేసినా 333 మిగులుతుంది. మిగిలేదాని మాట అలా ఉంచి, బ్రోకరు మొహం చూడక్కర్లేదు కదా!

పాత పార్టీలందరికీ ఉత్తరం రాశాడు. బిల్లు వేసిన పది రోజుల్లోపు కడితే రెండు శాతం తగ్గింపు. అది సరుకు విలువ మీదే, జీఎస్టీ మీద కాదు. పాత బాకీలకు వర్తించదు. తగ్గింపు తీసుకోనివాళ్లకు 45 రోజుల గడువు ఎప్పటిలాగే ఉంటుంది. అయిదో తారీకు బిల్లుకు ఆఖరు రోజు పదిహేను. ఆ రోజుకి డబ్బు మా ఖాతాలో పడాలి, చెక్కు మీది తారీకు లెక్కలోకి రాదు. ఈ చివరి ముక్క కింద రెండు గీతలు కూడా కొట్టాడు. పదిహేనో తారీకు వేసిన చెక్కును ఇరవైన తెచ్చిచ్చి తగ్గింపు అడిగే పెద్దమనుషులు ఆయనకు బాగా తెలుసు.

చిన్న పార్టీలు కొందరు కట్టారు. అందరికన్నా పెద్ద పార్టీ, గుంటూరు పచ్చళ్లాయన, ఫోన్ చేశాడు.

"ఉత్తరం బావుందండీ. కానీ లక్షకు మీరు వదిలేది రెండు వేలు. ఆ లక్ష 35 రోజులు బయట తిరిగితే నాకు 2,333 వస్తుంది. మీరే చెప్పండి, 333 ఎందుకు పోగొట్టుకోవాలి?"

తన లెక్కే అవతలి ఒడ్డు నుంచి వినబడేసరికి బాబాయికి నోట మాట రాలేదు. "సరేనండీ, 45 రోజులకే ఇవ్వండి" అన్నాడు.

పచ్చళ్లాయన మాట తప్పే మనిషి కాదు, గడువు రోజున కచ్చితంగా కడతాడు. ఆ ధైర్యంతోనే బాబాయి మళ్లీ బ్రోకరు దగ్గర లక్ష తెచ్చాడు.

నలభై నాలుగో రోజు పొద్దున్నే బ్రోకరు షెడ్డుకొచ్చాడు.

"అసలు ఇవాళే సర్దాలండీ. డబ్బు తాలూకు మనిషి తొందరపెడుతున్నాడు."

"రేపు మధ్యాహ్నం దాకా ఆగవయ్యా. గుంటూరు నుంచి బిల్లు డబ్బు రాగానే ఇచ్చేస్తా."

"కుదరదండీ. ఆయనదీ గుంటూరే. రేపు ఎవరికో అట్టపెట్టెల బిల్లు కట్టాలట."