అలారం ఇచ్చాం సార్, రికార్డులో ఉంది!

ప్రమాదం జరిగిన మర్నాడు కంట్రోల్ రూమ్‌కి అందరికంటే ముందు వచ్చేది ప్రింటరుకి కాగితం. అలారం లాగ్ తీస్తారు. రెండు లైన్ల కింద ఎర్రగీత పెడతారు: ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు అలారం వచ్చింది, ఇన్ని సెకన్లకు ఆపరేటర్ యాక్నాలెడ్జ్ చేశాడు. అంతే, డిజైనర్ గట్టెక్కాడు, కాంట్రాక్టర్ గట్టెక్కాడు, ఈఈ గారు గట్టెక్కారు. మిగిలింది ఒక్కడు. "ఏమయ్యా, అలారం వచ్చింది కదా, చూసుకోలేదా?" అని అతణ్ణి నిలబెట్టి అడుగుతారు. అదే పది నిమిషాల్లో ఇంకెన్ని అలారాలు వచ్చాయని ఎవరూ అడగరు. ఆ పేజీలకు ఎర్రగీత ఉండదు.

మన స్కాడా వ్యవస్థల్లో సగం అలారాలు ఆపరేటర్‌కి చెప్పడానికి పెట్టినవి కావు. చెప్పామని రుజువు చేసుకోవడానికి పెట్టినవి. అవి రసీదులు.

రసీదుల పంట ఎలా పండుతుందో 1994 జూలై 24, ఆదివారం నాడు వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో, టెక్సకో రిఫైనరీలో లోకం చూసింది. పొద్దున పిడుగుల వాన పడి క్రూడ్ యూనిట్‌లో మంట లేచింది, ప్లాంటు అంతా అతలాకుతలమైంది. క్యాటలిటిక్ క్రాకర్ విభాగంలో ఒక కంట్రోల్ వాల్వ్ నిజానికి మూసుకుపోయి ఉంది, తెరమీద మాత్రం తెరిచి ఉన్నట్టు చూపిస్తోంది. బయటికి దారిలేని ద్రవం పాత్రల్లో నిండి, ఫ్లేర్‌కి వెళ్లే నాకౌట్ డ్రమ్ము దాకా పొంగింది. చివరికి డ్రమ్ము దగ్గర గొట్టం తెగి, దాదాపు 20 టన్నుల హైడ్రోకార్బన్లు బయటపడి మధ్యాహ్నం 1:23కి పేలాయి. ఇరవై ఆరుమందికి గాయాలు. పేలుడుకు ముందు ఆఖరి పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు వచ్చిన అలారాలు 275. అంటే రెండున్నర సెకన్లకు ఒకటి! డ్రమ్ము నిండిందన్న అలారం కూడా అందులో ఉంది, బుద్ధిగా, రికార్డుకెక్కి.

అక్కడ మొత్తం 2,040 అలారాలు పెడితే 87 శాతం 'హై' ప్రాధాన్యంవే. అందరికీ వీఐపీ బ్రేక్ దర్శనం టికెట్ ఇచ్చేస్తే ఆ క్యూ సర్వదర్శనం క్యూ కాక మరేమవుతుంది? ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం, ఆ తర్వాత ఐఎస్ఏ 18.2 ప్రమాణం చెప్పే లెక్క దీనికి సరిగ్గా తలకిందులు: సుమారు 80 శాతం లో, 15 శాతం మీడియం, 5 శాతం మాత్రమే హై. కానీ మన మీటింగుల్లో ఆ 80 శాతంలో కూర్చోడానికి ఒప్పుకునే శాఖ ఏది? ఎలక్ట్రికల్ వాళ్లవన్నీ అత్యవసరం, మెకానికల్ వాళ్లవి అంతకంటే అత్యవసరం. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు పాపం నెమ్మదస్తులు, తమ బ్యాటరీ అలారం హైలో ఉంటే చాలంటారు.

ప్రాధాన్యం శాఖని బట్టి రాదు, అరిచిన గొంతుని బట్టీ రాదు. ప్రతి అలారానికీ మూడు ప్రశ్నలు వేయాలి. ఊరుకుంటే ఏం నష్టం? నష్టం జరిగేలోగా ఎంత టైముంది? ఆపరేటర్ చేయవలసిన పని ఏమిటి? మొదటి రెండు జవాబులు కలిపితే ప్రాధాన్యం తేలుతుంది. మూడోదానికి జవాబు లేకపోతే అది అలారమే కాదు, లాగ్‌లో పడి ఉండవలసిన సమాచారం. "పంపు ఆన్ అయింది" అని ఆపరేటర్ తానే నొక్కిన బటన్ గురించి తనకే సైరన్ వేసి చెప్పే స్టేషన్లున్నాయి. పాతకాలం అనన్సియేటర్ ప్యానెల్లో ఒక కిటికీ కావాలంటే వైరు లాగాలి, దీపం పెట్టాలి, ప్యానెల్లో చోటు చూడాలి. డబ్బు అడ్డొచ్చి బుద్ధి పని చేసేది. ఇప్పుడు ఒక్కో ట్యాగ్‌కి హై-హై, హై, లో, లో-లో, మార్పు వేగం, సిగ్నల్ చెడింది అని వరసగా టిక్కు గళ్లు. అన్నీ టిక్కు పెట్టడానికి ఖర్చు సున్నా. హజాప్ మీటింగులో తేలని ప్రతి తగవుకీ భోజనాల వేళకి దొరికే పరిష్కారం కూడా అదే: "పోనీ, ఒక అలారం పెట్టేద్దామండీ."

ఇక డెడ్‌బ్యాండ్. ఒక మంచినీటి పథకం తీసుకుందాం. బ్యాలెన్సింగ్ రిజర్వాయరు లోతు 5 మీటర్లు, 4.80 దగ్గర నీళ్లు పొర్లుతాయి, హై అలారం 4.50 దగ్గర. నీళ్లు పడే చోట అల వల్ల లెవల్ రీడింగు నాలుగు సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది, ఆరు సెకన్లకో ఊపు. డెడ్‌బ్యాండ్ గడిలో సాఫ్ట్‌వేరు ఇచ్చిన సున్నా సున్నాగానే ఉంది, ఎందుకంటే కమిషనింగ్ నాడు బిల్లు తొందర. లెవల్ 4.50 దగ్గర నిలిచిందా, నిమిషానికి పదిసార్లు అలారం వస్తుంది, పోతుంది. గంటకి ఆరువందలు. ఒక ఆపరేటర్‌కి రోజంతటికీ నూటయాభై దాకా సబబు అని పుస్తకం చెబుతుంటే, ఒక్క తొట్టి నాలుగు రోజుల కోటా గంటలో మింగేసింది.

పుస్తకం తెరిచి, లెవల్‌కి 5 శాతం అని చదివి, 25 సెంటీమీటర్లు కొట్టేసి చేతులు దులుపుకునే మేధావి ఇంకొకడు. అలారం 4.50కి మోగుతుంది, 4.25కి దిగితే గానీ పోదు. ఆ రిజర్వాయరు మామూలుగా నడిచే మట్టమే 4.30 అయితే? ఒకసారి ఎక్కిన అలారం రోజుల తరబడి తెరమీదే వేలాడుతుంది. దాని వెనకే నిజంగా నీళ్లు పెరిగినా కొత్తగా మోగేదేమీ ఉండదు. ఆ 5 శాతం మొదలుపెట్టడానికి ఇచ్చిన అంకె. చేయవలసింది వారం రోజుల ట్రెండు తీసి ఊపు ఎంతో చూడటం. ఇక్కడ ఎనిమిది సెంటీమీటర్లు కనక పది పెడితే సరిపోతుంది.

ఆలస్యం టైమర్‌తోనూ సరిపెట్టవచ్చు, కానీ దాని తిరకాసు దానిది. లెవల్‌కి 60 సెకన్లు పెట్టామనుకోండి. చాలా వ్యవస్థల్లో విలువ 60 సెకన్లూ ఆగకుండా హద్దు పైనే ఉండాలి, ఒక్క అల కిందికి దిగినా టైమర్ మళ్లీ మొదటికి. అంటే సగటు మట్టం 4.54 దాటి, అల అడుగు కూడా 4.50 పైకి వస్తే గానీ లెక్క మొదలవదు. నిమిషానికి రెండు సెంటీమీటర్లు నిండే తొట్టిలో దానికి రెండు నిమిషాలు, టైమర్‌కి ఒకటి, మొత్తం మూడు. పొర్లడానికి ఉన్న పదిహేనులో మూడు పోతే ఫర్వాలేదు. నిమిషానికి ఇరవై సెంటీమీటర్లు నిండే చిన్న సంపులో ఉన్నదే తొంభై సెకన్లు, అందులో డెబ్బైకి పైగా పోతాయి. అలాంటి చోట మోగడంలో ఆలస్యం పెట్టకుండా, ఆగడంలో ఆలస్యం పెట్టాలి. మొదటి అలకే మోగుతుంది, అరనిమిషం పాటు కిందే ఉంటే గానీ పోదు. కాపీ-పేస్ట్ మహాశయులు రెంటికీ ఒకే అంకె వేస్తారు.

ఇవేవీ చేయనప్పుడు ఆపరేటర్ తన ఇంజనీరింగ్ తాను చేసుకుంటాడు. బజరు రంధ్రానికి టేపు అంటిస్తాడు, లేదా సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌తో హద్దుని 4.50 నుంచి 9.99కి మారుస్తాడు. ఆ పాస్‌వర్డ్ మానిటర్ కిందే రాసి ఉంటుంది. షెల్వింగ్ అనే సదుపాయం ఉన్నది ఇందుకే: విసిగిస్తున్న అలారాన్ని పేరుతో, కారణంతో, గడువుతో కొంతసేపు పక్కన పెట్టడం. గడువు షిఫ్టు దాటకూడదు, తీరగానే అది దానంతటదే తిరిగి రావాలి. పక్కన పెట్టినవాటి జాబితా డ్యూటీ మారేటప్పుడు చేతులు మారాలి. హై అలారాన్ని పక్కన పెట్టాలంటే ఇంకొకరి అనుమతి కావాలి. ట్రాన్స్‌మిటర్ చెడిపోయి నెల పడుతుందంటే అది షెల్వింగ్ వ్యవహారం కాదు, పర్మిట్ రాసి సర్వీసు నుంచి తప్పించవలసింది. మనవాళ్లు గడువు గడిలో 9999 గంటలు కొట్టి, కారణం గడిలో చుక్క పెడతారు.

దీనికి పెద్దన్న 2010 ఏప్రిల్ 20న పేలి పదకొండుమందిని బలిగొన్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు. జనరల్ అలారం తనంతట మోగకుండా ఆపి ఉంచారని, తప్పుడు అలారాలతో జనాన్ని తెల్లవారుజామున నిద్ర లేపకూడదనే అలా చేశారని ఆ రిగ్గు ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ విచారణలో చెప్పాడు. నిద్ర మీద అంత గౌరవం!

వరద సంగతికొస్తే, పది నిమిషాల్లో పదికి పైగా అలారాలు వస్తే దాన్ని వరద అంటారు. మన పంపుహౌసులో ఫీడర్ ట్రిప్ అయిందంటే నడుస్తున్న నాలుగు పంపులూ ఆగుతాయి. ఒక్కో పంపూ వోల్టేజి లేదు, ట్రిప్ అయింది, ఫ్లో తక్కువ, ప్రెషర్ తక్కువ, ఆయిల్ ప్రెషర్ తక్కువ అని ఐదేసి కేకలు వేస్తుంది. ఇరవై అయ్యాయి, వార్త ఒక్కటే. ఆగిన పంపులో ఫ్లో తక్కువ కాక ఎక్కువుంటుందా? ఒక్క లైను లాజిక్ చాలు:

```
FlowLowAlm := PumpRunning AND StartDelay.Q AND (Flow < FlowLowSP);
```

పంపు నడుస్తూ, స్టార్టయ్యాక ఇచ్చిన వ్యవధి దాటాక కూడా ఫ్లో రాకపోతేనే అలారం. ప్రెషర్లకీ ఇదే వరస. ఫీడర్ వోల్టేజి పోయినప్పుడు నాలుగు పంపుల వోల్టేజి, ట్రిప్ అలారాలూ దాని కిందికి చేరాలి, తెరమీద ఫీడర్ ఒక్కటే మిగలాలి. అయితే ఈ కట్టడమంతా ఆ PumpRunning నిజం చెబుతుందన్న నమ్మకం మీద నిలబడింది. కాంటాక్టరు సహాయక కాంటాక్టు తెరుచుకునే ఉండిపోయి, నడుస్తున్న పంపుని ఆగిందని చూపిస్తే అసలు అలారమే నోరు మూసుకుంటుంది. మిల్‌ఫర్డ్ హేవెన్ వాల్వ్ గుర్తుందిగా? అందుకే మోటారు కరెంటుతో సరిచూసుకున్నాకే ఆ సిగ్నల్‌ని నమ్మాలి.

దూరంగా ఉన్న ఆర్‌టీయూలతో ఇంకో వేడుక. రేడియో లింకు తెగితే "లింకు పోయింది" అన్న ఒక్కమాట చాలు. కానీ ఆ స్టేషన్లోని ప్రతి పాయింటూ "నా సిగ్నల్ చెడింది" అని విడివిడిగా ఏడుస్తుంది. లింకు తిరిగొచ్చాక, దాచిపెట్టిన పాత సంఘటనలన్నీ ఒక్కసారిగా దిగి, గంట క్రితం సర్దుకున్న వాటికి కూడా ఇప్పుడు బజరు కొడతాయి. వాటిని వాటి అసలు సమయంతో చరిత్రలోకి పంపాలి, ఇంకా కొనసాగుతున్నవే తెరమీదకి రావాలి. సమయం కూడా ఆర్‌టీయూ దగ్గరే వేయించాలి. లేకపోతే ఏ స్టేషన్ని ముందు పలకరిస్తే దానిదే మొదటి తప్పు అవుతుంది.

మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడం సులువే. నెల లాగ్ తీసి, ఎక్కువసార్లు మోగిన పది ట్యాగులు చూస్తే చాలు, మోతలో పెద్దవాటా సాధారణంగా వాటిదే. మన దగ్గరా ఆ సమీక్షా సమావేశం ఉంది, మినిట్స్ కూడా రాస్తారు, సమోసాలు కూడా వస్తాయి. ఆపరేటర్‌ని మాత్రం పిలవరు. అతను డ్యూటీలో ఉంటాడు, యాక్నాలెడ్జ్ బటన్ మీద వేలు పెట్టుకుని.